ముందు మావయ్య, తర్వాత మా ఆయన: పొలంలో వాటా తేలడానికి పట్టిన రెండేళ్లు

2022 ఆగస్టు 9, మంగళవారం. మధ్యాహ్నం జాకెట్టుకి హుక్సులు కుడుతుంటే మా అత్తవారి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటి పిన్ని. "అమ్మాయ్, సచివాలయం బోర్డు మీద మీ మావయ్య భూమి కాగితం అంటించారు. మీ అత్త పేరు, మీ మరిది పేరు ఉన్నాయంట. నీ పేరూ లేదు, పిల్లల పేర్లూ లేవు. నీకు తెలిసే జరుగుతుందా?" అని అడిగింది.

నాకు తెలియదు. సూది అక్కడే పెట్టేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా ఆయన పోయి అప్పటికి పదిహేను నెలలు.

మాది విజయనగరం జిల్లా. అత్తవారి ఊరు చంపావతి నదికి దగ్గర. నేనూ పిల్లలూ విజయనగరం టౌన్లో అద్దె ఇంట్లో ఉంటాం, బట్టలు కుడతాను. మా మావయ్య జూట్ మిల్లులో పనిచేసి, 1987లో నాలుగు ఎకరాలు కొన్నారు. చెరువు కింద పల్లం 2 ఎకరాల 40 సెంట్లు, ఊరికి ఎగువన గరువు 1 ఎకరం 60 సెంట్లు. పల్లంలో వరి, గరువులో ఒకప్పుడు గోగు, ఇప్పుడు మొక్కజొన్న. మావయ్య 2019 ఫిబ్రవరి 14న ఇంట్లోనే పోయారు. వీలునామా ఏమీ రాయలేదు. అత్త, మా ఆయన, మరిది, మా వదిన (మా ఆయన అక్క) మిగిలారు. పంపకం గురించి అడిగితే మా ఆయన "అమ్మ ఉన్నన్నాళ్లూ ఉండనీ, తర్వాత చూసుకుందాం" అనేవారు. సేద్యం మరిది చేసేవాడు, సంక్రాంతికి మాకు రెండు బస్తాల బియ్యం పంపేవాడు. 2021 మే 6న కోవిడ్‌తో విశాఖపట్నం ఆసుపత్రిలో మా ఆయన పోయారు. అప్పుడు మా అమ్మాయికి పదమూడేళ్లు, అబ్బాయికి ఎనిమిది.

ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి బియ్యం రాలేదు. దుఃఖంలో నేను దాని గురించి ఆలోచించలేదు.

ఫోన్ వచ్చిన వారంలోనే, శుక్రవారం ఆగస్టు 12న ఊరెళ్లి ఆ నోటీసు ఫోటో తీసుకున్నాను. మావయ్య పేరు మీదున్న భూమిని వారసత్వంగా అత్త, మరిది పేర్ల మీదకి మార్చమని అర్జీ పెట్టారని, అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పమని దాని సారాంశం. నేను చూసేటప్పటికి ఆ గడువు ఇంకా పదకొండు రోజులుంది. పిన్ని ఫోన్ చేయకపోతే అదీ అయిపోయేది.

అక్కడే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కాపీ కూడా చూపించారు. మావయ్య కుటుంబ సభ్యులు అని మూడు పేర్లు: అత్త, మరిది, వదిన. మా ఆయన పేరే లేదు. ఇదేంటని అడిగితే అక్కడున్నాయన చాలా మామూలుగా చెప్పాడు. "అర్జీ పెట్టిన రోజుకి బతికున్న వాళ్ల పేర్లు రాశామమ్మా. ఆయన చనిపోయారు కదా." ఆయన మాటలో కోపం గానీ మోసం గానీ నాకు కనబడలేదు. విచారణకి వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారు, వీళ్లు చెప్పారు, రాసుకున్నారు. కానీ ఆ ఒక్క పొరపాటుతో మా ఆయన ఆ ఇంట్లో పుట్టనే లేదన్నట్టు అయిపోయింది. ఆయన పేరు లేకపోతే ఆయన వెనకున్న మేం ముగ్గురమూ లేనట్టే. పెద్దాయన పోయాక పంపకం కాకముందే కొడుకో కూతురో పోయిన ఇల్లు మీదైతే, ముందు ఈ సర్టిఫికెట్ తీసి చూడండి. పోయినవాళ్ల పేరు కూడా అందులో ఉండాలి, పక్కన "మరణించారు" అని, తేదీతో సహా.

వదిన విషయం కూడా అప్పుడే తెలిసింది. తనకి ఏమీ వద్దని తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

ఆగస్టు 15 సెలవు పోగా 17న తహసీల్దారు ఆఫీసులో అభ్యంతరం ఇచ్చాను. తెల్ల కాగితం మీద నేనే రాశాను. భూమి సర్వే నంబర్లు, మావయ్య పోయిన తేదీ, మా ఆయన పోయిన తేదీ, మా ఆయన ఆయనకి పెద్దకొడుకు అన్న సంగతి, మమ్మల్ని కలపకుండా పేర్లు మార్చొద్దని. మా ఆయన డెత్ సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు, టెన్త్ సర్టిఫికెట్ జిరాక్సులు జతచేశాను. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. ఆ ముద్ర కోసం గంటన్నర నిలబడాల్సి వచ్చింది గానీ, తర్వాత "మాకు ఏ కాగితమూ రాలేదు" అన్నప్పుడు ఆ ముద్రే నన్ను కాపాడింది.

లాయరుకి ఇవ్వడానికి డబ్బుల్లేవు. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక టీచరమ్మ, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుందని, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారని చెప్పింది. ఆగస్టు 23న వెళ్లాను. అర్జీ, ఆధార్ తీసుకుని, వారానికల్లా ఒక లాయరమ్మని కేటాయించారు. ఆమె మొదట అడిగింది భూమి గురించి. "మీ మావయ్యగారు కొన్నదా, ఆయన తాతల నుంచి వచ్చిందా?" 1987 దస్తావేజు మా దగ్గర లేదు, కానీ మావయ్య కొన్నారని ఊరంతటికీ తెలుసు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలు తీయించమంది, తీయించాను. మావయ్య స్వార్జితం అని తేలాక లెక్క సులువైంది. పిత్రార్జితమైతే వేరే లెక్క అని చెప్పింది.

తర్వాత ఆమె ఒక కాగితం తీసుకుని పైన రెండు తేదీలు రాసింది. 14-2-2019. 6-5-2021. వాటి మధ్య ఒక గీత గీసింది.

"మీ మావయ్య కన్నుమూసిన రోజే ఆ భూమి నలుగురిదీ అయిపోయింది. పంచుకోలేదు, పేర్లు మారలేదు, అవేవీ లెక్కలోకి రావు. భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు. తలో పావు. ఆ పావు వంతు మీ ఆయనకి ఆ రోజే వచ్చేసింది. రెండేళ్ల తర్వాత ఆయన పోతే, ఆ పావు మళ్లీ మీ మావయ్య ఆస్తిలోకి వెనక్కి పోదు. మీ ఆయన ఆస్తిగా ఆయన వారసులకి వస్తుంది" అంది.

నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. పావు అంటే ఎకరం. నేనూ పిల్లలూ ముగ్గురం, ఆ ఎకరం మాది అనుకున్నాను. ఆమె మాత్రం రాయడం ఆపలేదు.

"మీ ఆయన వారసులంటే మీరు, ఇద్దరు పిల్లలు, ఇంకా మీ అత్తగారు."

నేను అర్థం కానట్టు చూశాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే, భార్యతో, పిల్లలతో పాటు తల్లి కూడా మొదటి వరుస వారసురాలే. తలా ఒక సమాన వాటా. కాబట్టి మా ఆయన ఎకరం నాలుగు భాగాలవుతుంది. నాకు 25 సెంట్లు, అమ్మాయికి 25, అబ్బాయికి 25, అత్తకి 25. అత్తకి భర్త నుంచి వచ్చిన ఎకరానికి తోడు కొడుకు నుంచి వచ్చిన ఈ పాతిక సెంట్లు కలిసి మొత్తం ఎకరంపాతిక. మరిదికి ఎకరం, వదినకి ఎకరం. మా ముగ్గురికీ కలిపి 75 సెంట్లు.

మరో మాట కూడా చెప్పింది. మా ఆయన గనక మావయ్య కంటే ముందే పోయి ఉంటే, ఆ పావు వంతు నేరుగా మా ముగ్గురికే వచ్చేది. అప్పుడు అత్త అందులోకి రాదు, ఎందుకంటే ముందే పోయిన కొడుకు తరఫున వచ్చేది అతని భార్య, పిల్లలే. ఏ చావు ముందు, ఏ చావు వెనక అన్న దాన్ని బట్టి పాతిక సెంట్లు అటూ ఇటూ అవుతాయి. ఆ కాగితం మీద గీసిన గీత అందుకే.

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఏడ్చాను. పాతిక సెంట్ల కోసం కాదు. నా పేరు లేకుండా కాగితం పెట్టిన అత్త, నా భర్త వాటాలో నాతో సమానంగా నిలబడిందే అని. రాత్రి పిల్లలు పడుకున్నాక మళ్లీ ఆలోచించాను. నాకు భర్త పోయాడు, ఆమెకి రెండేళ్లలో భర్తా పోయాడు, కొడుకూ పోయాడు. చట్టం ఆమెని తల్లిగా లెక్కపెట్టింది. అందులో తప్పేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

అసలు తప్పు నా కాగితంలోనూ ఉంది. కోవిడ్ ఎక్స్‌గ్రేషియా యాభై వేల కోసం 2021 డిసెంబరులో మా ఆయన పేరు మీద నేను తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో నా పేరు, పిల్లల పేర్లే ఉన్నాయి. అత్త పేరు లేదు. అప్పుడు నన్నెవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. లాయరమ్మ అది చూసి, "వాళ్లు మీ ఆయన్ని వదిలేశారు, మీరు ఆయన తల్లిని వదిలేశారు. దీంతో ముందుకెళ్తే రేపు వాళ్ల లాయరు మొదట పట్టుకునేది ఇదే" అంది. నా ముఖం మాడిపోయింది. కానీ ఆమె చెప్పింది నిజం.

అందుకని రెండు సర్టిఫికెట్లు కొత్తగా కావాల్సి వచ్చాయి. మావయ్యది ఒకటి, అందులో నలుగురు, మా ఆయన పక్కన చనిపోయిన తేదీ. మా ఆయనది రెండోది, అందులో నేను, పిల్లలు, అత్త. ఇద్దరి చావులకీ కలిపి ఒకే సర్టిఫికెట్ ఇమ్మని కొందరు సలహా ఇచ్చారు, అది కుదరదు. ఒక్కో మనిషి చావుకి ఒక్కో వరస, దేనికదే. సెప్టెంబరు 5న దరఖాస్తు పెట్టాను.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పాస్‌బుక్‌లో మావయ్య పేరు అప్పలనాయుడు. మా ఆయన టెన్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు అప్పలస్వామి. మా ప్రాంతంలో ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే, బడిలో చేర్చినప్పుడు నోటికొచ్చిన పేరు చెప్పేస్తారు. కానీ కాగితం మీద మా ఆయన వేరే ఎవరి కొడుకో అయిపోయారు. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్, ఊళ్లో ఇద్దరు పెద్దల వాంగ్మూలం, 1990ల నాటి రేషన్ కార్డు ఇచ్చాక గానీ ఒప్పుకోలేదు. ఆ పాత రేషన్ కార్డు నా పెళ్లి పెట్టెలో చీరల అడుగున దొరికింది. నీళ్లు తగిలి మడతల దగ్గర చిరిగిపోయింది, అయినా మా ఆయన పేరు, వయసు 12, ఇంటి పెద్దతో సంబంధం: కుమారుడు అని చదవడానికి వస్తోంది. ఆ గడి మీద వేలు పెట్టి చూపిస్తుంటే నా చెయ్యి వణికింది. రెండు సర్టిఫికెట్లూ చేతికొచ్చేసరికి నవంబరు 11.

ఈలోగా అక్టోబరులో, సిరిమాను జాతర అయిన వారానికి, తహసీల్దారు ఆఫీసులో విచారణకి పిలిచారు. మరిది వచ్చాడు. "నాయన భూమి, బతికున్న వాళ్లమే కదా వారసులం. అన్నయ్య పోయాక వదిన పుట్టింటి మనిషి" అన్నాడు. నా ఎదుటే అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను. నా బదులు లాయరమ్మ మాట్లాడింది. వారసులందరూ ఒప్పుకుని వస్తే గానీ, లేదా కోర్టు నుంచి ఉత్తర్వు తెస్తే గానీ పేర్లు మార్చబోమని చెప్పి వాళ్ల అర్జీ పక్కన పెట్టారు. ఆ రోజు లాయరమ్మ చెప్పిన ఒక మాట నాకు ధైర్యం ఇచ్చింది. అడంగల్, 1బీ లాంటి రెవెన్యూ రికార్డుల్లో పేరు పడటం వేరు, హక్కు వేరు. అక్కడ పేరు లేనంత మాత్రాన హక్కు పోదు. కానీ అక్కడ పేరు పడ్డవాళ్లు అమ్మేస్తే, మనం కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. అందుకే ముందే ఆపడం మంచిది.

2023 అంతా మాటలతోనే గడిచింది. ఊరి పెద్దమనుషులు రెండుసార్లు కూర్చోబెట్టారు. మొదటిసారి అరుపులతో ముగిసింది. రెండోసారి, ఫిబ్రవరిలో, మరిది ఒక దస్తావేజు రాయించుకుని వచ్చాడు. నేనూ పిల్లలూ మా హక్కు వదులుకుంటున్నట్టు, బదులుగా 2 లక్షలు తీసుకున్నట్టు. "వదినా, పిల్లల చదువుకి పనికొస్తుంది. ఆ పొలం నువ్వేం చేసుకుంటావు?" అన్నాడు. ఇంటి అద్దె రెండు నెలలు బాకీ ఉన్నాను. అబద్ధం ఎందుకు, మనసు ఊగింది. నా వాటా వరకైనా వదిలేస్తే గొడవ తీరిపోతుందనిపించింది.

లాయరమ్మకి ఫోన్ చేశాను. "మీ పాతిక మీ ఇష్టం. పిల్లల యాభై సెంట్లు మీ చేతుల్లో లేవు" అంది. మైనర్ల స్థిరాస్తిని తల్లి అయినా సరే అమ్మాలన్నా, వదులుకోవాలన్నా ముందుగా జిల్లా కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి లేకుండా సంతకం పెడితే, పిల్లలు మేజర్లయ్యాక మూడేళ్లలోపు ఆ దస్తావేజు చెల్లదని కోర్టుకి వెళ్లొచ్చు. కోర్టు కూడా అవసరమో, పిల్లలకి లాభమో కనబడితేనే అనుమతిస్తుంది. అయితే న్యాయంగా, ఎవరి వాటా వాళ్లకి సరిగ్గా వచ్చేలా పంచుకునేటప్పుడు మాత్రం పిల్లల తరఫున తల్లి సంతకం పెట్టొచ్చని చెప్పింది.

ఈ సంగతే నేను మరిదికి చెప్పాను. కోపంగా కాదు, ఉన్నది ఉన్నట్టు. "నువ్వు 2 లక్షలిచ్చి రాయించుకున్నా, నా కూతురికి 2029 దాకా, నా కొడుక్కి 2034 దాకా దాన్ని తిరగదోడే హక్కు ఉంటుంది. అంతవరకూ నీకు ఆ భూమి మీద లోనూ రాదు, కొనేవాడూ రాడు." అతను ఆ రోజు ఏమీ అనలేదు. దస్తావేజు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఆ కాగితం మాట ఎత్తలేదు. అక్కడ నుంచే కథ కొంచెం మలుపు తిరిగిందని నా నమ్మకం.

అయినా పంపకానికి రాలేదు. ఆరేడు నెలలు ఫోన్లు ఎత్తలేదు. అక్టోబరులో న్యాయ సేవాధికార సంస్థ ద్వారానే, కోర్టులో కేసు వేయకముందే రాజీకి పిలిచే పద్ధతిలో అర్జీ పెట్టాను. దానికి ఫీజు లేదు. అత్తకి, మరిదికి, వదినకి నోటీసులు వెళ్లాయి. మొదటి వాయిదాకి ఎవరూ రాలేదు. రెండోదానికి వదిన వచ్చింది. తెల్ల కాగితం మీద పెట్టిన సంతకం చెల్లదని, అంత విలువున్న భూమిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరు అవ్వాల్సిందేనని అప్పుడే తనకి తెలిసింది. "నాయన ఇచ్చింది నేనెందుకు వదులుకోవాలి?" అని తను కూడా పట్టుబట్టింది. మూడో వాయిదా 2024 జనవరిలో. అత్త వచ్చింది.

అత్తని చూసి రెండేళ్లయింది. బాగా చిక్కిపోయింది. లెక్కంతా విన్నాక ఆమె అడిగింది ఒక్కటే. "నా పెద్దోడి వాటాలో నాకెందుకమ్మా? అది ఆడి పిల్లలకే ఇచ్చీండి." అక్కడున్న పెద్దాయన చెప్పారు, ఇవ్వాలనుంటే తర్వాత వేరే దస్తావేజు రాసి ఇవ్వొచ్చు, కానీ ఇప్పుడు కాగితం మీద మాత్రం చట్టం ఇచ్చిన వాటా చట్టం ఇచ్చినట్టే ఉండాలని. నేనూ అదే అన్నాను. ఈ రోజు ఆమెది తగ్గించి రాస్తే రేపు ఇంకెవరో దాన్ని తప్పుపడతారు. అదీగాక ఆమె మందులకి ఆమె భూమే ఆధారం. మరిది తల వంచుకుని సరే అన్నాడు. గడిచిన ఏళ్ల పంట లెక్క నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ సరే వచ్చేది కాదు.

ఆ తర్వాతంతా కొలతల పని. ఫిబ్రవరిలో సర్వేకి ఫీజు కట్టాం. ఎన్నికల డ్యూటీలని సర్వేయర్ రాలేదు. నాట్లు పడితే గట్లు కొలవడం కష్టమని భయపడుతుంటే, జూలై 11న వచ్చారు. పల్లం, గరువు రెండింటిలోనూ అదే లెక్కన పంచాలని లాయరమ్మ ముందే చెప్పింది. పల్లం అంతా ఒకరు తీసుకుని గరువు ఇంకొకరికి ఇస్తే, సెంట్లు సరిపోయినా విలువ సరిపోదు, మైనర్లకి తక్కువ చేశారనే మాట వస్తుంది. అందుకని పల్లంలో అత్తకి 75 సెంట్లు, మరిదికి 60, వదినకి 60, మాకు 45. గరువులో అత్తకి 50, మరిదికి 40, వదినకి 40, మాకు 30. మా ముగ్గురిదీ మూడు ముక్కలు చేస్తే దుక్కి తిరగదని ఒకే చెక్కగా ఉంచి, అందులో ఎవరికి ఎంతో దస్తావేజులో విడివిడిగా రాయించాం.

సర్వేయర్ గొలుసు లాగుతుంటే అత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గట్టు మీద ఆయన వెనకే నడిచింది. గరువులో మా ముక్క మొదలయ్యే చోట ఒక తాటిచెట్టు ఉంది. అక్కడ ఆగి మా అబ్బాయితో, "ఇది మీ తాత నాటిన టెంక రా, మీ నాన్న దీని కిందే ఆడేవోడు" అంది. రాయి ఆ చెట్టుకి రెండడుగుల అవతల పాతారు. చెట్టు మా వైపు వచ్చింది.

రిజిస్ట్రేషన్ ఆగస్టు 23న అయింది. శ్రావణ శుక్రవారం కావాలని అత్త పట్టుబట్టింది. అత్త, మరిది, వదిన, నేను. నేను మూడుసార్లు సంతకం పెట్టాను, నా కోసం ఒకసారి, తల్లిగా, గార్డియన్‌గా పిల్లలిద్దరి కోసం రెండుసార్లు. పిల్లల పుట్టిన తేదీల సర్టిఫికెట్లు అడిగారు, తీసుకెళ్లడం మంచిదైంది. అత్త వేలిముద్ర మెషీన్ మీద పడలేదు. వరి కోసీ కోసీ వేళ్లు అరిగిపోయాయి. నాలుగైదుసార్లు గుడ్డతో తుడిచి, చివరికి బొటనవేలు కాకుండా వేరే వేలు పెట్టిస్తే పడింది. అంతవరకూ నా గుండె దడదడలాడుతూనే ఉంది, ఈ రోజు కాకపోతే మళ్లీ వీళ్లందరూ ఎప్పుడు కలుస్తారని.

ఖర్చు గురించి చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నాను. స్టాంపు డ్యూటీ మొత్తం నాలుగెకరాల మీద వేస్తారనుకుని భయపడ్డాం. 2024లో మా పంపకం దస్తావేజుకి అన్నిటికంటే పెద్ద వాటాని పక్కనపెట్టి, మిగతా వాటాల విలువ మీదే డ్యూటీ లెక్కేశారు. మాలో పెద్దది అత్త ఎకరంపాతిక, అది పోగా 2 ఎకరాల 75 సెంట్ల మీద పడింది. అప్పుడు మా ఊళ్లో ప్రభుత్వ విలువ ఎకరం 8 లక్షలు. డ్యూటీ 22,000, మిగతా ఫీజులు, రాసినాయన డబ్బులు కలిపి 30 వేలు దాటింది. వాటాల లెక్కన పంచుకున్నాం, అత్తది మరిది కట్టాడు. నా వంతు 5,800. సర్టిఫికెట్లు, నకళ్లు, నోటరీ, బస్సులు, కుట్టు మానుకున్న రోజులు అన్నీ కలిపితే రెండేళ్లలో నాకు ఇంకో 14 వేల దాకా అయ్యాయి. లాయరుకి రూపాయి ఇవ్వలేదు.

నవంబరు నెలాఖరుకి 1బీలో మా ముగ్గురి పేర్లూ వచ్చాయి. పాస్‌బుక్కులు ఇంకా రాలేదు. అమ్మాయికి 2026లో పద్దెనిమిది నిండుతాయి, అప్పుడు తన పేరు పక్కన గార్డియన్‌గా ఉన్న నా పేరు తీయించాలని లాయరమ్మ గుర్తు చేసింది. ఇంకోటి కూడా చెప్పింది. అత్త వీలునామా రాయకుండా పోతే ఆమె ఎకరంపాతిక మూడు భాగాలవుతుంది. మరిదికి ఒకటి, వదినకి ఒకటి, మా ఆయన బదులు మా పిల్లలిద్దరికీ కలిపి ఒకటి. అందులో కోడలిగా నాకేమీ రాదు. నేను ఆ మాట డైరీలో రాసుకున్నాను, ఎవరితోనూ ఎత్తలేదు. అత్త బతికుండగా ఆ లెక్క వేయడం నాకిష్టం లేదు.

పల్లంలో మా 45 సెంట్లు ఈసారి మరిదే కౌలుకి చేశాడు. సంక్రాంతికి మూడు రోజుల ముందు ఆటోలో నాలుగు బస్తాల ధాన్యం పంపించాడు. బస్తాల మీద కుట్టిన చీటీల్లో మా ఆయన పేరు రాసి ఉంది.